స్క్రాబుల్: సంచి ఖాళీ అయ్యాక ఆఖరి ఎత్తులు వేసుకోవడం ఎలా

స్క్రాబుల్‌లో సంచిలోంచి చివరి టైల్ బయటకు వచ్చాక ఆట స్వభావమే మారిపోతుంది. అప్పటిదాకా ఏ అక్షరం వస్తుందో తెలియక ఆడతాం. ఇప్పుడు కొత్తగా వచ్చేదేమీ లేదు. ఇంగ్లిష్ సెట్‌లో మొత్తం 100 టైల్స్. బోర్డు మీద ఉన్నవి కనిపిస్తున్నాయి, మన ర్యాక్ మన ముందే ఉంది, కాబట్టి మిగిలినవన్నీ ప్రత్యర్థి దగ్గరే ఉన్నాయి. రెండు ర్యాక్‌లూ తెరిచి పెట్టుకుని ఆడుతున్నట్టే లెక్క.

అయినా చాలామంది ఇక్కడ కూడా ఆట మధ్యలో ఆడినట్టే ఆడతారు. ఎక్కువ పాయింట్లు వచ్చే మాట కనపడగానే వేసేస్తారు. నేనూ చాలాకాలం అలాగే ఆడాను. ఒక టోర్నమెంట్‌లో 30కి దగ్గరగా వచ్చే మాట వేసి సంతోషపడుతుంటే, ఎదుటివారు మూలన ఉన్న ఒక్క I మీద Q పెట్టి ఆట తీసుకెళ్లిపోయారు. ఆ గడిలో పెట్టాల్సిన అక్షరం నా ర్యాక్‌లోనే ఉంది. ఆ రోజు నుంచి ఆఖరి ఎత్తుల్లో పాయింట్ల కన్నా ముందు వరుస చూడడం అలవాటు చేసుకున్నాను. ఏ మాట వేయాలి అన్నదాని కంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఇక్కడ ఆటను నిర్ణయిస్తుంది. ఇందులో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎదురయ్యేది, ఎక్కువ పాయింట్లు చేతులు మారేది ప్రత్యర్థి దగ్గర Q ఉండిపోయిన సందర్భం. దాన్నే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం.

ముందుగా ముగింపు లెక్క

ఎవరైనా తమ టైల్స్ అన్నీ ఆడేస్తే, అంటే అవుట్ అయితే, ఆట ముగుస్తుంది. టోర్నమెంట్లలో అవుట్ అయినవారికి ఎదుటివారి ర్యాక్‌లో మిగిలిన టైల్స్ విలువకు రెట్టింపు కలుపుతారు. ఇంట్లో ఆడేటప్పుడు మిగిలిన విలువను ఒకరికి కలిపి, మరొకరికి తీసేస్తారు. ఎలా చేసినా ఇద్దరి మధ్య తేడా మాత్రం ఒకటే. Q విలువ 10. అది ఎదుటివారి చేతిలో ఉండగా మీరు అవుట్ అయితే, ఆ ఒక్క టైల్‌తోనే తేడా 20 మారుతుంది.

ఇద్దరికీ ఆడడానికి ఏమీ లేక ఇద్దరూ పాస్ చేస్తూ పోతే, వరుసగా ఆరు టర్న్‌లు సున్నా రాగానే ఆట ఆగుతుంది. అప్పుడు ఎవరి ర్యాక్‌లో మిగిలినది వాళ్ల స్కోరులోంచి పోతుంది. ఈ రెండో రకం ముగింపును మర్చిపోకండి, కింద ఉదాహరణలో పనికొస్తుంది.

సంచిలో 7 టైల్స్ కంటే తక్కువ ఉన్నప్పుడు టైల్స్ మార్చుకోవడం కుదరదు. Q చివర్లో ఒకరి చేతిలో ఇరుక్కుపోవడానికి అసలు కారణం ఇదే. ఆఖరి ఏడింటిలో Q తీసినవారికి దాన్ని బోర్డు మీద పెట్టడం తప్ప వేరే దారి ఉండదు.

1. ప్రత్యర్థి ర్యాక్ రాసుకోవడం

ఆట మొదటి నుంచీ ట్రాకింగ్ షీట్ మీద అక్షరాలు కొట్టేస్తూ వస్తే ఈ పని అరనిమిషంలో అయిపోతుంది. షీట్ మీద A తొమ్మిది, E పన్నెండు, I తొమ్మిది, O ఎనిమిది, ఇలా బ్లాంక్‌లు రెండింటితో సహా వందా ముద్రించి ఉంటాయి. బోర్డు మీదికి వచ్చినవి కొట్టేస్తాం, చివరికి మన ర్యాక్‌లోవీ కొట్టేస్తాం. మిగిలినవి ప్రత్యర్థివి.

మిగిలినవాటిని ఒక మూల పెద్ద అక్షరాలతో రాసుకోండి. షీట్ మీద చెల్లాచెదురుగా ఉన్న గీతల మధ్య వెతుక్కుంటూ మాటలు ఆలోచించలేం. Q O R E అని ఒకచోట పక్కపక్కన కనపడితేనే అవతలివారి కళ్లతో బోర్డు చూడగలుగుతాం.

ఆ వెంటనే ప్రత్యర్థి ర్యాక్ మీద ఎన్ని టైల్స్ ఉన్నాయో లెక్కపెట్టండి. షీట్ చెప్పే సంఖ్యకు అది సరిపోవాలి. సరిపోకపోతే తప్పు ఎటు ఉందో ఆ తేడాయే చెబుతుంది. షీట్ మీద ఐదు మిగిలి, ర్యాక్ మీద నాలుగే ఉంటే, బోర్డు మీద ఉన్న ఒక అక్షరాన్ని మీరు కొట్టేయలేదు. షీట్ మీద మూడు మిగిలి, ర్యాక్ మీద నాలుగు ఉంటే, ఒకదాన్ని రెండుసార్లు కొట్టేశారు.

సంఖ్య సరిపోయినా తప్పు ఉండే సందర్భం ఒకటుంది, అదే ప్రమాదకరమైనది. బ్లాంక్‌ను R గా వాడినప్పుడు షీట్ మీద బ్లాంక్ బదులు R కొట్టేశారనుకోండి. మొత్తం లెక్క సరిగ్గానే వస్తుంది. కానీ ప్రత్యర్థి దగ్గర లేని బ్లాంక్ ఉన్నట్టూ, ఉన్న R లేనట్టూ కనపడుతుంది. అందుకని షీట్ మీద బ్లాంక్ మిగిలి కనిపిస్తే నమ్మే ముందు బోర్డు మీద రెండు బ్లాంక్‌లూ ఎక్కడున్నాయో కళ్లతో చూసుకోండి. ప్రత్యర్థి దగ్గర U ఉందో లేదో కూడా ఒకసారి విడిగా సరిచూడడం మంచిది. U నాలుగే కాబట్టి పది సెకన్ల పని. Q ఉన్నవారి దగ్గర U కూడా ఉంటే మీరు అడ్డుకోవాల్సిన చోట్లు చాలా పెరిగిపోతాయి.

2. అవతలివారి ఎత్తులు ముందు, మనవి తర్వాత

ఇక్కడ నా అలవాటు గట్టిగా చెబుతాను. మన మాటలు వెతకడం మొదలుపెడితే ఒక మంచి మాట దొరకగానే మనసు దానికి అతుక్కుపోతుంది, ఆ తర్వాత అవతలివారిని చూడం. అందుకే ముందు ప్రత్యర్థి ర్యాక్ మనదే అనుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాళ్లు ఒక్క ఎత్తులో అవుట్ కాగలరా? వాళ్ల అన్నిటికన్నా పెద్ద స్కోరు ఎక్కడ? వాళ్ల దగ్గరున్న కష్టమైన అక్షరం ఏయే గడుల్లో పడుతుంది?

మూడో ప్రశ్నకు జవాబు ఒక్కటే గడి అయితే, ఆట అక్కడే తేలిపోవచ్చు. Q కి U లేనప్పుడు మామూలుగా చూడాల్సినవి QI, QAT, వాటికి S చేరిన రూపాలు. వీటిలో QI కి కావాల్సింది బోర్డు మీద తెరిచి ఉన్న ఒక I, అంతే. కాబట్టి ప్రతి I చుట్టూ ఉన్న గడులు చూడండి. దాంతోపాటు ప్రత్యర్థి ర్యాక్‌లోనే I ఉంటే, ఆ రెండూ కలిపి పక్కవరుసలో ఆనించి ఆడే చోట్లు కూడా చూడాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు అసలు ఉదాహరణ.

3. ఒక ముగింపు, దగ్గర నుంచి

ఆడే వంతు మనది. సంచి ఖాళీ. బోర్డు మీద 91 టైల్స్ ఉన్నాయి, రెండు బ్లాంక్‌లూ వాడేశారు.

```
నా ర్యాక్        : A B D N T
ప్రత్యర్థి ర్యాక్ : Q O R E
స్కోరు           : నేను 352, ప్రత్యర్థి 380
```

28 వెనకబడి ఉన్నాం. బోర్డు దాదాపు మూసుకుపోయింది. ఉదాహరణ సూటిగా ఉండడానికి మూడు చోట్లే మిగిలాయనుకుందాం. మామూలు ఆటలో ఇంకో నాలుగైదు చిన్న చోట్లు కూడా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

మొదటి చోటు అట్టడుగు వరుసలో ఉంది. అక్కడ VICE అని మాట ఉంది. అందులోని I పైన ఒక గడి ఖాళీ. ఆ గడి అక్షరానికి మూడింతలు ఇచ్చేది. రెండక్షరాల మాటకు తప్ప చోటు లేదు.

రెండో చోటు బోర్డు కుడి అంచున. RIDGE అనే మాట అంచుకు ఆనుకుని ఉంది, కాబట్టి వెనక ఏమీ చేర్చలేం. ముందు గడి ఖాళీ, అది కూడా అక్షరానికి మూడింతలు ఇచ్చేదే. ఆ గడి నుంచి కిందికి నాలుగక్షరాల మాట పడుతుంది. RIDGE ముందు చేరే అక్షరాలు రెండే, B, F. ఒకటి BRIDGE, ఇంకొకటి FRIDGE.

మూడో చోటు ఎడమవైపు కింద. ఒక E కింద రెండు గడులు ఖాళీ. మొదటి గడి మాటకు రెట్టింపు ఇస్తుంది, రెండోది మామూలు గడి. అంటే E తో మొదలయ్యే రెండు లేదా మూడక్షరాల మాటలు పడతాయి.

ముందు అనుకున్నట్టే అవతలివారి ర్యాక్‌తో మొదలుపెడదాం. Q O R E తో మొదటి చోట QI పడుతుంది. Q మూడింతలైతే 30, I తో కలిపి 31. మూడో చోట ERE పడుతుంది, మూడు పాయింట్లకు రెట్టింపు 6. RIDGE ముందు పెట్టడానికి వాళ్ల దగ్గర B గానీ F గానీ లేవు. నాలుగు టైల్స్ ఒకేసారి పోయే మార్గం లేదు. Q పడే గడి బోర్డంతటికీ ఒక్కటే.

ఇక మన మాటలు. రెండో చోట BAND వేస్తే BRIDGE కి 16, BAND కి 13, మొత్తం 29. ఇది కంటికి వెంటనే కనపడే మాట. మిగిలేది T ఒక్కటే. మొదటి చోట TI కి 4 వస్తాయి, మూడో చోట ET కి 4.

కంటికి కనపడిన 29 ముందు వేశామనుకోండి. ప్రత్యర్థి QI తో 31 తీసుకుంటారు. మనం ET తో అవుట్ అయి 4 తీసుకుని, వాళ్ల దగ్గర మిగిలిన O, R, E లకు రెట్టింపు 6 కలుపుకుంటాం.

```
BAND 29 - QI 31 + ET 4 + మిగిలినవి 6 = +8
28 వెనకబాటు -> 20 తేడాతో ఓటమి
```

ఇప్పుడు వరుస తిప్పి చూడండి. ముందు TI వేస్తాం, వచ్చేది 4 పాయింట్లే. కానీ Q కి ఉన్న ఒకే ఒక్క గడి పోయింది. ప్రత్యర్థికి మిగిలిన మంచి ఎత్తు ERE, 6 పాయింట్లు. ఆ తర్వాత వాళ్ల చేతిలో Q, O ఉంటాయి. మనం BAND వేసి అవుట్ అవుతాం, 29. వాళ్ల దగ్గర మిగిలిన 11 కి రెట్టింపు 22.

```
TI 4 - ERE 6 + BAND 29 + మిగిలినవి 22 = +49
28 వెనకబాటు -> 21 తేడాతో గెలుపు
```

అదే BAND, అవే ఐదు టైల్స్. వరుస మారినందుకు 41 పాయింట్ల తేడా వచ్చింది.

దీని వెనకున్న కారణం ఆఖరి ఎత్తులన్నిటికీ పనికొస్తుంది. TI వేసే గడి ఇద్దరికీ కావాలి, ఎవరు ముందు వేస్తే వాళ్లది. RIDGE ముందున్న గడి మాత్రం మనకే. అక్కడ పెట్టదగిన అక్షరం వాళ్ల దగ్గర లేదు, కాబట్టి ఆ 29 పాయింట్లు ఒక టర్న్ ఆగినా ఎక్కడికీ పోవు. పోటీ ఉన్న చోటు ముందు, మనకు మాత్రమే దక్కే చోటు తర్వాత. ప్రతి చోటు దగ్గరా ఇది ఎవరెవరికి పనికొస్తుందని అడిగితే వరుస దానంతట అదే తేలుతుంది.

ఒక జాగ్రత్త ఉంది. ఒక చోటు మనదే అని తేల్చే ముందు, దాన్ని వాళ్లు వాడుకోలేరన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, చెడగొట్టలేరన్నది కూడా చూడాలి. RIDGE ముందు గడిలో వాళ్లేమీ పెట్టలేకపోయినా, BAND దిగాల్సిన కింది గడుల పక్కన ఏదైనా అక్షరం ఆనించగలిగితే మన మాట పడదు. మన ఉదాహరణలో అలాంటి దారి లేదనుకున్నాం. నిజమైన బోర్డు మీద మాత్రం ఆ నాలుగు గడుల పక్క గడుల్ని ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూసినట్టు చూడాలి.

4. అడ్డుకోవాలి సరే, ఏ అక్షరంతో?

I పైన T ఒక్కటే కాదు, మన దగ్గరున్న A, B కూడా పడతాయి. BI కి B మూడింతలై 9, I తో 10 పాయింట్లు వస్తాయి. TI కి వచ్చేది 4 మాత్రమే. అడ్డుకోవడమే పని అయితే ఎక్కువ వచ్చేది ఎందుకు వేయకూడదు?

BI వేస్తే మన దగ్గర A, D, N, T మిగులుతాయి. B పోయింది కాబట్టి RIDGE ముందు మనం కూడా ఏమీ పెట్టలేం. ప్రత్యర్థి మూడో చోట ERE వేసి దాన్ని మూసేస్తారు. ఇక మనకు చోటు లేదు, Q, O తో వాళ్లకూ లేదు. ఇద్దరం పాస్ చేస్తూ ఆట ఆగిపోతుంది. మనకు ర్యాక్‌లోని 5 పోతాయి, వాళ్లకు 11 పోతాయి.

```
BI 10 - ERE 6 - మనకు పోయేవి 5 + వాళ్లకు పోయేవి 11 = +10
28 వెనకబాటు -> 18 తేడాతో ఓటమి
```

Q ను సరిగ్గానే అడ్డుకున్నాం, అయినా ఓడిపోయాం. అడ్డుకునేది మిగిలిన టైల్స్‌కు దారి ఉంచే అక్షరం కావాలి. TI వేశాక మన దగ్గర మిగిలే A, B, D, N సరిగ్గా ఒక్క మాటలో బయటకు వెళ్లిపోతాయి. కాబట్టి ఎత్తు వేసే ముందు ర్యాక్‌లో మిగిలేవాటిని చూసి, ఇవి ఎన్ని టర్న్‌లలో ఎక్కడెక్కడ పోతాయి అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే టైల్ బోర్డు మీద పెట్టండి. ఆ జవాబు దొరకని ఎత్తు ఎన్ని పాయింట్లు తెచ్చినా అనుమానించాల్సిందే.

5. ఎప్పుడు తొందరపడాలి, ఎప్పుడు నెమ్మదిగా ఆడాలి

ప్రత్యర్థి Q తో ఇరుక్కుపోతే వాళ్లు అవుట్ కాలేరు. అంటే ఆటను ఎప్పుడు ముగించాలో మన చేతుల్లో ఉంది. అలాంటప్పుడు టైల్స్ అన్నీ ఒకేసారి వేసేయడం కన్నా కొంచెం కొంచెంగా వేస్తే ఒకే అక్షరాలకు మళ్లీ మళ్లీ పాయింట్లు వస్తాయి.

అదే బోర్డు మీద చిన్న మార్పు చేసి చూద్దాం. TI వేసేశాం, మన దగ్గర A, B, D, N ఉన్నాయి. ప్రత్యర్థి దగ్గర Q, V మాత్రమే ఉన్నాయనుకోండి. V తో రెండక్షరాల మాట ఇంగ్లిష్ స్క్రాబుల్‌లో ఒక్కటీ లేదు. E కింద కూడా వాళ్లు ఏదీ పెట్టలేరు. వాళ్లు పాస్ చేశారు.

ఇప్పుడు BAND ఒకేసారి వేస్తే 29. అలా కాకుండా ముందు BA మాత్రమే వేయండి. BRIDGE కి 16, BA కి 10, మొత్తం 26. ప్రత్యర్థి పాస్. కింద N చేర్చి BAN చేస్తే 5. మళ్లీ పాస్. D చేర్చి BAND చేస్తే 7, అవుట్.

```
ఒకేసారి  : BAND 29
నెమ్మదిగా: BA 26 + BAN 5 + BAND 7 = 38
```

9 పాయింట్లు ఎక్కువ. చివర్లో Q, V లకు వచ్చే 28 ఎలాగూ వస్తాయి. మధ్యలో మనం ప్రతి టర్న్‌లో స్కోరు చేస్తున్నాం కాబట్టి ఆరు సున్నాల నియమంతో ఆట ఆగిపోదు. E కింద END వేసి 8 తీసుకోవడం లాంటివి కూడా పోల్చి చూశాను. BA, END అయితే 34, BA, BAN, ED అయితే 37. అన్నిటికన్నా 38 ఎక్కువ. ఇలాంటి చోట అన్ని విభజనలూ కాగితం మీద రాసి కూడడం తప్ప అడ్డదారి లేదు.

కానీ ఈ నెమ్మది ఆట ప్రమాదం లేనప్పుడే ఆడాలి. మొదటి ఉదాహరణకు తిరిగి వెళ్దాం. అక్కడ TI, ERE అయ్యాక ప్రత్యర్థి దగ్గర Q, O ఉన్నాయి. అక్కడ కూడా BA వేసి నెమ్మదిగా వెళ్దామనుకుంటే, ఆడుతున్న పదజాబితాలో BAO చెల్లితే వాళ్లు O పెట్టి 5 పాయింట్లు తీసుకుంటారు, దారి కూడా మూసేస్తారు. మన N, D లు చేతిలోనే మిగిలిపోతాయి. తొమ్మిది పాయింట్లకు ఆశపడితే Q తాలూకు 20లో సగం కూడా చేజారుతుంది. అందుకే ఒక్కో అక్షరం ఆపి పెట్టే ముందు, కొత్తగా తెరుచుకునే గడిలో వాళ్ల టైల్స్ ఒక్కొక్కటీ పెట్టి చూడండి. ఒక్కటి పడినా నెమ్మది ఆట వదిలేసి అవుట్ అయిపోవడమే మేలు.

ప్రత్యర్థి దగ్గర Q లాంటిది లేనప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. అప్పుడు ఎవరు ముందు అవుట్ అవుతారన్నది పరుగుపందెం. వాళ్లు వచ్చే టర్న్‌లో అవుట్ కాగలరని తేలితే, మీ చేతిలో మిగిలేదానికి రెట్టింపు వాళ్లకు పోతుందని ముందే తీసేసి లెక్క వేయండి. 20 పాయింట్లు వచ్చి V, F మిగిలే మాట ఒకటి, 14 పాయింట్లు వచ్చి E ఒక్కటే మిగిలే మాట ఒకటి ఉన్నాయనుకోండి. V, F విలువ చెరో 4, రెట్టింపు 16. కాబట్టి మొదటిది నికరంగా 4, రెండోది 14 లోంచి 2 పోగా 12. కాగితం మీద పెద్దగా కనిపించిన 20 నిజానికి చిన్నది.

6. సమయం, సందేహం

టోర్నమెంట్ ఆటలో ఒక్కొక్కరికి 25 నిమిషాలు. గడువు దాటితే నిమిషానికి 10 పాయింట్లు పోతాయి. పైన వేసిన లెక్కలు మొదటిసారి చేసేవారికి నాలుగైదు నిమిషాలు పడతాయి, కాబట్టి సంచి ఖాళీ అయ్యేసరికి గడియారంలో ఆ మాత్రం మిగలాలి. లేకపోతే టెన్షన్‌లో కనపడిన మాట వేసేస్తాం. ప్రత్యర్థి ఆలోచిస్తున్నంతసేపూ మన గడియారం ఆగే ఉంటుంది. వాళ్ల ర్యాక్ రాసుకోవడం, ప్రతి I చుట్టూ చూడడం లాంటివన్నీ అప్పుడు చేసుకోవచ్చు.

సమయం నిజంగానే లేకపోతే, ఒక్క పని చేయండి. వాళ్ల అతి పెద్ద స్కోరు ఏ గడిలో ఉందో చూసి, ఆ గడిని వాడుకుంటూ మనకు అవుట్ అయ్యే దారి ఉంచే ఎత్తు ఏదైనా ఉందా అని మాత్రం వెతకండి. ఉంటే అది వేయండి, లేకపోతే ఎక్కువ పాయింట్లు వచ్చేదే వేయండి. ఇది ప్రతిసారీ సరైన జవాబు ఇవ్వదు, కానీ Q లాంటి పెద్ద దెబ్బను తప్పిస్తుంది.

సందేహమున్న మాటల విషయంలో ఆఖరి ఎత్తులు ఏ మాత్రం క్షమించవు. ఆట మధ్యలో చెల్లని మాట వేసి దొరికిపోతే ఒక టర్న్ పోతుంది, తర్వాత కోలుకోవచ్చు. ఇక్కడ ఆ ఒక్క టర్న్‌లోనే ప్రత్యర్థి QI వేసేస్తారు లేదా అవుట్ అయిపోతారు. అడ్డుకోవడానికి వేసే రెండక్షరాల మాట చెల్లుతుందని నూటికి నూరు పాళ్లు తెలిసి ఉండాలి. పదజాబితాను బట్టి రెండక్షరాల మాటలు మారతాయి. ఉదాహరణకు పై బోర్డు మీద DI కాలిన్స్ జాబితాలో చెల్లుతుంది, ఉత్తర అమెరికా జాబితాలో చెల్లదు. మీరు ఆడే జాబితా ఏదో దానిలో I తో ముగిసే రెండక్షరాల మాటలు, I తో మొదలయ్యేవి విడిగా నేర్చుకుని ఉంచుకోండి, Q ను అడ్డుకునేటప్పుడు పనికొచ్చేవి అవే.

ప్రత్యర్థి అవుట్ అవుతూ వేసిన మాట మీద ఏ మాత్రం అనుమానమున్నా, స్కోరు కూడడం మొదలుపెట్టకముందే చాలెంజ్ చేయండి. చాలెంజ్ తప్పితే టర్న్ పోయే పద్ధతిలో ఆడుతుంటే, ఆట ఎలాగూ ముగిసింది కాబట్టి పోయేదేమీ లేదు. ఆ మాట చెల్లకపోతే వాళ్ల టైల్స్ మళ్లీ ర్యాక్ మీదికి వెళ్తాయి, వంతు మీదవుతుంది. వాళ్ల చేతిలో ఏముందో అప్పుడు షీట్ చూడకుండానే తెలుస్తుంది.

ఆట అయ్యాక ఇద్దరి ర్యాక్‌లు, స్కోరు, తెరిచి ఉన్న చోట్లు షీట్ వెనక రాసి పెట్టుకోండి. సాయంత్రం తీరిగ్గా కూర్చుని అవే టైల్స్‌ను వేరే వరుసలో ఆడి కూడితే, ఎక్కడ ఎన్ని పాయింట్లు వదిలేశామో అంకెల్లో కనపడుతుంది. నా షీట్ల వెనక ఎక్కువసార్లు కనపడిన తప్పు మాట తప్పడం కాదు. నాకు మాత్రమే దక్కే చోటును ముందు వాడేసి, ఇద్దరికీ కావాల్సిన గడిని ఎదుటివారికి వదిలేయడం.